బిడ్డ సరే, నువ్వెలా ఉన్నావ్?

బాలింతను చూడ్డానికి వచ్చినవాళ్లు ఏమడుగుతారో ఓసారి గుర్తు చేసుకోండి. పాలు సరిపోతున్నాయా, రాత్రుళ్లు పడుకుంటున్నాడా, ఎవరి పోలిక, కుట్లు ఆరాయా. ఇక పథ్యం సంగతికొస్తే ప్రతి ఒక్కరూ డాక్టరే. ‘నీ మనసెలా ఉంది’ అని మాత్రం అడగరు. ఎవరైనా అడిగినా గది నిండా జనం ఉన్నప్పుడే అడుగుతారు. ఆమె ‘బాగానే ఉన్నా’ అంటుంది. అక్కడితో అయిపోతుంది.

ముందు ఒక తేడా తెలియాలి. కాన్పయిన మూడో రోజో, ఐదో రోజో చాలామందికి ఊరికే ఏడుపొస్తుంది, చిన్నమాటకే మనసు చివుక్కుమంటుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం దీనికి కారణం. డాక్టర్లు దీన్ని ‘బేబీ బ్లూస్’ అంటారు. రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది, మందులక్కర్లేదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా నెలా రెండు నెలలు బాగానే ఉండి ఆ తర్వాత మొదలైతే, అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. బిడ్డకు ఏడాది నిండేలోపు ఎప్పుడైనా రావొచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2017లో వచ్చింది. అందులో నూటికి సుమారు 22 మంది తల్లుల్లో ఈ లక్షణాలు కనిపించాయి.

దీన్ని పట్టుకోవడానికి పది ప్రశ్నల కాగితం ఒకటుంది. పేరు ఎడిన్‌బరో స్కేల్. 1987లో స్కాట్లండ్‌లో తయారైంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. మామూలు డిప్రెషన్ ప్రశ్నల్లో ‘అలసటగా ఉందా, ఆకలి తగ్గిందా’ అని ఉంటుంది. నెల బిడ్డ తల్లిని అలా అడిగితే ఎవరైనా అవుననే అంటారు కదా! అందుకే ఈ కాగితంలో ఒంటి అలసట గురించి దాదాపు ఏమీ ఉండదు. నిద్ర గురించి ఒక్క ప్రశ్న ఉన్నా, అది ‘దిగులు వల్ల నిద్ర పట్టడం లేదా’ అనే. బిడ్డ పడుకున్నా, పక్కనవాళ్లు చూసుకుంటామన్నా కళ్లు మూతపడకపోవడం అన్నమాట.

ప్రశ్నలన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. నవ్వొచ్చే విషయానికి నవ్వగలుగుతున్నావా? రాబోయే వాటి కోసం సంతోషంగా ఎదురుచూస్తున్నావా? ఏది తప్పు జరిగినా నిన్ను నువ్వే నిందించుకుంటున్నావా? కారణం లేకుండా కంగారు, భయం వస్తున్నాయా? పనులు మీద పడిపోతున్నట్టుందా? దిగులు, ఏడుపు ఎంత తరచుగా? చివరిది, నీకు నువ్వు హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఒక్కోదానికి నాలుగు జవాబులుంటాయి, 0 నుంచి 3 దాకా మార్కులు. మొత్తం 30.

ఇందులో ఒక మెలిక ఉంది. 1, 2, 4 ప్రశ్నల్లో పైన ఉన్న జవాబుకి సున్నా. మిగతా ఏడింట్లో పై జవాబుకే 3. అంటే ఫారమంతా చూడకుండా పైగడికే టిక్కులు పెట్టినా సున్నా రాదు, 21 వస్తుంది. (మా ఆఫీసులో టెస్టింగ్ వాళ్లు చూస్తే ముచ్చటపడతారు.) లెక్కేసేటప్పుడు ఇది గుర్తు లేకపోతే మొత్తం తారుమారవుతుంది.

మా పెదనాన్నగారి అమ్మాయి సంగతి చెప్తాను. పేరు రాయొద్దు, మిగతాదంతా రాయమంది. మొదటి కాన్పు, సిజేరియన్, పుట్టింట్లో ఉంది. ఆరో వారం టీకాకి, చెకప్‌కి వెళ్లినప్పుడు ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు ఈ ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది. అక్క నోరు తెరిచేలోపు పెద్దమ్మే జవాబులు చెప్పేస్తోంది. ‘దానికేం దిగులమ్మా, అన్నీ కూర్చోబెట్టి చేస్తున్నాం’ అని. ఆ డాక్టరమ్మ తెలివైనది. ‘బాబుని టీకా లైన్లోకి తీసుకెళ్లండి’ అని పెద్దమ్మని పంపించి, మళ్లీ మొదటి ప్రశ్న నుంచి అడిగింది.

అప్పుడు వచ్చిన మార్కులివి. నవ్వడం 1, ఎదురుచూడటం 2, నిందించుకోవడం 3, కంగారు 2, హఠాత్తుగా భయం 1, పనులు మీద పడటం 2, నిద్ర 1, దిగులు 2, ఏడుపు 1, చివరిది 0. మొత్తం 15. సాధారణంగా 10 వచ్చినా, దాటినా డాక్టరు ఇంకాస్త లోతుగా మాట్లాడాలి, 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. నిందించుకోవడంలో 3 ఎందుకంటే, పాలు చాలక డబ్బా పాలు కలిపినందుకు తాను తల్లిగా పనికిరానని రోజూ అనుకుంటోందట. ఇంట్లో ఎవరికీ ఆ మాట చెప్పలేదు.

పదిహేను వచ్చిందని జబ్బు ఖాయం కాదు, ఐదు వచ్చిందని లేనట్టూ కాదు. ఈ కాగితం జల్లెడ మాత్రమే. ఆ పైన సైకియాట్రిస్టు మాట్లాడి తేల్చాలి. ఆయన ముందు రక్తపరీక్షలు రాశారు. కాన్పయ్యాక థైరాయిడ్ తేడా వచ్చినా, రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది. అక్కకి రెండూ బాగానే ఉన్నాయి. వారం వారం కౌన్సెలింగ్, రోజుకో సెర్ట్రలీన్ మాత్ర మొదలుపెట్టారు. ‘పాలిచ్చే తల్లికి మాత్రలేంటి’ అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఈ మందు పాలల్లోకి చాలా కొద్దిగా వెళ్తుంది, అందుకే పాలిచ్చేవాళ్లకి డాక్టర్లు తరచుగా దీన్నే ఎంచుకుంటారు. అయితే డాక్టరు రాయకుండా వాడొద్దు, రాసింది సొంతంగా ఆపొద్దు. మందు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇంకో మార్పు కూడా చేశారు. రాత్రి ఒక పూట పాలు బావ పట్టేవాడు. దాంతో అక్కకి నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరికింది.

పదో ప్రశ్న సంగతి వేరు. అందులో సున్నా కాకుండా ఏమొచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. అంతవరకూ ఆమెను ఒంటరిగా వదలకూడదు. ‘అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో’ అని భయపడి చాలామంది ఈ ప్రశ్న దాటేస్తారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుందంతే.

ఇంకొకటి ఉంది, వెయ్యి మందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. రోజులకు రోజులు నిద్ర లేకపోయినా హుషారుగా తిరగడం, లేని మాటలు వినిపించడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు, అయోమయం. చాలా ఇళ్లలో దీన్ని గాలి సోకిందంటారు. తాయెత్తుకని తిరిగేలోపే ప్రమాదం జరగొచ్చు. అలాంటప్పుడు ఏ ప్రశ్నల కాగితమూ అక్కర్లేదు, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బిడ్డను మరొకరు చూసుకోవాలి.

మామూలుగా సాయం కావాలంటే మొదట కాన్పు చేసిన డాక్టర్నే అడగొచ్చు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. బిడ్డ బరువు చూసి వెళ్లిపోకుండా తల్లి గురించి కూడా ఆమెకు చెప్పండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. బాలింతే చేయక్కర్లేదు, భర్తో అమ్మో చేయొచ్చు. ‘కాన్పయి ఇన్ని వారాలైంది, ఇన్ని రోజులుగా ఇలా ఉంది’ అని మొదలుపెడితే సరిపోతుంది.

అక్కకి నెల తర్వాత మళ్లీ లెక్కేస్తే 9, ఇంకో నెలన్నరకి 5. బాగైంది కదా మాత్రలెందుకని పెద్దమ్మ అడిగితే, తగ్గాక కూడా ఆరు నెలలు వాడాలన్నారు డాక్టరు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది.