ఫొటో చూసి ధర కడితే ఒప్పుకోవద్దు

ఈ జనవరిలో ఇచ్చోడ వైపు మన సభ్యుడొకాయన 14 క్వింటాళ్ల కందులు కొట్టి ఇంట్లో పోసుకున్నడు. బండి కిరాయి పెట్టుకొని మార్కెట్‌కు పోయే ముందు తెలిసిన వ్యాపారికి ఫోన్ చేస్తే "ఒక ఫొటో పెట్టు, చూసి చెప్త" అన్నడట. రాత్రి ఎనిమిదింటికి ట్యూబ్‌లైటు కింద పళ్లెంలో నాలుగు దోసిళ్లు పోసి ఫొటో తీసి పంపిండు. పది నిమిషాలకు జవాబొచ్చింది. "పుచ్చువట్టింది, రాళ్లున్నయి, నిరుటి సరుకు కలిసింది. క్వింటాల్‌కు రెండు నూర్లు తక్కువైతది." అంటే మొత్తం మీద 2,800 రూపాయల కోత. కాంటా లేదు, జల్లెడ లేదు, గింజను చేత్తో ముట్టింది కూడా లేదు.

ఆయన ఆ ఫొటో మాకూ పంపిండు. "అన్నా, నువ్వే చూసి చెప్పు, నిజమేనా?" అని అడిగిండు. ఫొటోను నేనూ చాలాసేపు పెద్దది చేసి చూసిన. చెప్పలేకపోయిన. మరుసటి రోజు ఇంకో ఇద్దరు సభ్యులతో కలిసి ఆయన ఇంటికి పోయి, ఆ మూడు మాటలను ఒక్కొక్కటిగా పరీక్ష చేసినం. ఏం తేలిందో ఈ నెల సంపాదకీయంలో రాస్తున్న. ఇట్లాంటి ఫొటో బేరాలు ఇప్పుడు కందులకే కాదు, బియ్యానికి, పప్పుకు కూడా నడుస్తున్నయి.

ముందు నమూనా సంగతి. 14 క్వింటాళ్లంటే 28 సంచులు. అందులో పది సంచులు విప్పి పైన, నడుమ, అడుగున గుప్పెడు గుప్పెడు తీసినం. అంతా ఒక బట్ట మీద పోసి బాగా కలిపి, వెడల్పుగా పరిచి, నాలుగు భాగాలు చేసినం. ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకొని మిగతావి సంచిలో పోసినం. మళ్లీ కలిపి మళ్లీ నాలుగు భాగాలు. ఇట్ల కిలోన్నర మిగిలేదాకా చేసి అరకిలో చొప్పున మూడు పొట్లాలు కట్టినం. పళ్లెంలోని ఆ నాలుగు దోసిళ్లు ఒకే సంచి మూతి దగ్గర తీసినవి. వాటికి 28 సంచుల తరఫున మాట్లాడే హక్కు లేదు.

ఇప్పుడు రాళ్ల సంగతి. ఫొటోలో రాయి కనబడుతది, కాని దాని బరువు కనబడదు. కోత పడేది బరువు మీద. వంద గ్రాముల కందుల్లో దాదాపు వెయ్యి గింజలుంటయి. కందిగింజంత రాయి కందిగింజకు రెండింతలు బరువు తూగుతది. అందుకని వెయ్యి గింజల్లో పది రాళ్లుంటే కంటికి నూటికి ఒకటే కనబడుతది, కాంటా మీద మాత్రం రెండు శాతం అయితది. కందికాయ పొట్టు, ఎండుటాకు దీనికి పూర్తిగా ఎదురు. అవి పళ్లెంలో పావు వంతు కప్పేసినట్టు కనబడ్డా అర గ్రాము తూగవు. పైగా పళ్లేన్ని ఒకసారి కుదిపితే రాయి అడుగుకు పోతది, పొట్టు పైకి వస్తది. మన సభ్యుడు పంపిన ఫొటోలో జరిగింది ఇదే. పైనంతా పొట్టు తేలి సరుకు చెత్తగా కనబడ్డది.

అరకిలో పొట్లం విప్పి చాటలో ఏరినం. రాళ్లు, మట్టి బెడ్డలు కలిపి 5 గ్రాములు, పొట్టు, పుల్లలు 2 గ్రాములు వచ్చినయి. మొత్తం 7 గ్రాములు, అంటే 1.4 శాతం. మద్దతు ధరకు కొనే కేంద్రంలో కందులకు చెత్త, రాయి, మట్టి 2 శాతం దాకా అనుమతి ఉన్నది. ఒకవేళ ఒక శాతం ఎక్కువే ఉన్నదనుకుందాం. 2025-26 మద్దతు ధర క్వింటాల్‌కు 8,000 రూపాయలు కనుక ఆ ఎక్కువ చెత్త విలువ క్వింటాల్‌కు 80 రూపాయలు. రెండు నూర్లు ఏ లెక్కన వస్తయి?

రెండోది పుచ్చు. కందిని పట్టే పుచ్చు పురుగు గింజ పైననే గుడ్డు అంటిస్తది. గుండుసూది మొనంత మచ్చ. గుడ్డు పగిలి పిల్ల లోపలికి తొలుచుకొని పోయినంక ఆ మచ్చ పాలలాగ తెల్లగ అయితది. లోపల తిని పెద్దదై, గుండ్రటి రంధ్రం చేసుకొని బయటికి వస్తది. కాబట్టి మంచి వెలుతురులో దగ్గర నుంచి తీసిన ఫొటోలో రంధ్రాలు, తెల్ల మచ్చలు రెండూ కనబడుతయి. ట్యూబ్‌లైటు కింద తీస్తే గింజ మీది మెరుపే తెల్ల మచ్చలెక్క, గింజ ముక్కు దగ్గరి నీడే రంధ్రంలెక్క కనబడుతది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదై ఉన్న మచ్చలు కూడా చెరిగిపోతయి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలె.

మేం 500 గింజలు లెక్కబెట్టినం. రంధ్రం ఉన్నవి 6, అంటే 1.2 శాతం. అనుమతి 4 శాతం. వ్యాపారి మాట తప్పని తేలింది, మేమందరం సంబరపడ్డం. అయితే ఇంకో 11 గింజల మీద తెల్ల మచ్చలున్నయి. ఒక పొట్లంలోంచి రెండు గుప్పెళ్లు గాజు సీసాలో పోసి, మూతికి పలుచటి బట్ట కట్టి ఇంట్లో పెట్టమన్నం. చలికి ఆలస్యమైంది గాని ఐదో వారంలో సీసాలో పురుగులు తిరిగినయి. అంటే ఆ రోజు రంధ్రం లేని గింజల్లో పురుగు ఉన్నది. ఇది మన పక్షానికి నచ్చని నిజం, అయినా రాయాలె. ఫొటోలో రంధ్రం కనబడలేదు కాబట్టి సరుకులో పురుగు లేదని మనం కూడా అనకూడదు. ఇంకో సంగతి, ఈ పురుగు చేనులో ఎండే కాయ మీదనే గుడ్డు పెడుతది. కొత్త కందుల్లో పుచ్చు కనబడ్డదంటే నిరుటి సరుకు కలిపినట్టు కాదు. వెంటనే బాగా ఎండబెట్టి అమ్ముకోవాలె అని అర్థం.

బియ్యంలో లక్క పురుగు దీనికంటే తెలివైంది. అది గింజకు తూటు చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తది. నెల రోజుల దాకా గింజ బయటికి నున్నగనే ఉంటది. దాన్ని ఏ ఫొటో పట్టదు. జల్లెడ పట్టితే పిండి రాలుతున్నదా చూడాలె. తెల్ల బట్ట మీద పలుచగా పరిచి ఎండలో పది నిమిషాలు పెడితే తిరిగే పురుగు పక్కకు పాకుతది. అదైనా పెద్ద పురుగు లెక్కనే, గింజ లోపలిది కాదు.

మూడోది పాత సరుకు. ఫొటో అన్నిటికంటే ఎక్కువ అబద్ధం చెప్పేది ఇక్కడనే. కంది నిల్వ ఉంటే రంగు ముదురుతది, నిజమే. కాని కోత మీద వాన పడ్డ కొత్త కంది కూడా అట్లనే నల్లబడుతది. కరీంనగర్ వైపు అక్కచెల్లెళ్లు బియ్యం ఫొటోలు పంపి "ఇవి పాతవేనా?" అని అడుగుతున్నరు. పచ్చి బియ్యం నిల్వ మీద పసుపు తిరుగుతయి. కాని ఉప్పుడు బియ్యం పట్టిన రోజే పసుపుగ ఉంటయి. తడి వడ్లు కుప్పలో వేడెక్కితే కొత్త బియ్యం కూడా పసుపుగ వస్తయి. ఇక ఫోన్ కెమెరా తనంతట తను రంగు మారుస్తది. పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తే, ఆ కాగితం కూడా పసుపుగ కనబడితే తప్పు వెలుతురుదే.

తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. రేషన్ బియ్యం చౌకగా కొని, మళ్లీ పాలిష్ పట్టి, మన వడ్లకు బదులు సీఎంఆర్ కింద అప్పజెప్పే దొంగ దారి గురించి మన సంఘం ఎన్నోసార్లు మాట్లాడింది. పాలిష్ పట్టినంక ఆ బియ్యం ఫొటోలో మల్లెపువ్వులెక్క ఉంటయి. అందుకే ఎఫ్‌సీఐ రంగును కంటితో చూసి వదలదు, ఒక ద్రావణంతో పరీక్ష చేస్తది. దాని పేరు మిక్స్‌డ్ ఇండికేటర్. గాజు గొట్టంలో కొద్దిగ బియ్యం వేసి ఆ ద్రావణం పోసి ఊపుతరు. కొత్త బియ్యమైతే ఆకుపచ్చగ ఉంటది. పాతబడిన కొద్దీ పసుపుకు, ఆ తర్వాత నారింజకు తిరుగుతది. బియ్యం మీద మిగిలిన తవుడులోని నూనె నిల్వలో చెడి పులుపెక్కుతది, ఆ పులుపే రంగు మారుస్తది. పాత బియ్యమని అనుమానమొస్తే మనం అడగాల్సింది ఫొటో కాదు, మన ముందర ఆ పరీక్ష.

అట్లని ఫొటో వద్దే వద్దని కాదు. తీయాల్సినట్టు తీస్తే అది మనకు సాక్ష్యం. పొద్దటి పూట నీడలో, యాభై గ్రాములు ఒక్క వరుసగ పరచాలె. బియ్యానికి నల్ల బట్ట, కందులకు తెల్ల కాగితం వేయాలె. పక్కన రూపాయి బిళ్ల, ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి నిలువుగా పైనుంచి తీయాలె. తర్వాత అరకిలో ఏరి, రాళ్లు ఒక కుప్ప, పొట్టు ఒక కుప్ప, పుచ్చు గింజలు ఒక కుప్ప చేసి, రాళ్లను, పొట్టును కిరాణా కాంటా మీద తూచేటప్పుడు అంకె కనబడేటట్టు ఇంకో ఫొటో తీయాలె. తేమ మాత్రం ఏ ఫొటోలోనూ రాదు. కందులకు 12 శాతం, వడ్లకు 17 శాతం అన్న లెక్క మీటరుతోనే తేలాలె. ఇంకో మాట మన వాళ్లకే. ఏరి, చెరిగి, మంచి గుప్పెడు మాత్రమే ఫొటో తీసి పంపే అలవాటు మనలో కూడా ఉన్నది. అది మానకుండా ఎదుటివాడిని నిలదీయలేం.

మన సభ్యుడు ఏరిన కుప్పల ఫొటోలు, కాంటా అంకెలు, ఒక పొట్లం పట్టుకొని ఆ వ్యాపారి దగ్గరికే పోయిండు. ఆయన కూడా తన కాంటా మీద తూచి చూసుకున్నడు. "పాత సరుకు" మాట మళ్లీ ఎత్తలేదు. తెల్ల మచ్చల సంగతి మనోడే చెప్పిండు, దాని మీద బేరం జరిగి క్వింటాల్‌కు 40 రూపాయలు తగ్గింది. 2,800 పోవాల్సిన చోట 560 పోయినయి.

వచ్చే వానాకాలం పంట వచ్చేలోపు ప్రతి గ్రామ కమిటీ ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాంటా, రెండు జల్లెడలు కొని పెట్టుకోవాలె. ఫొటో మీద ధర చెప్పించుకోండి, తప్పు లేదు. తరుగు మాత్రం ఇద్దరి ముందర తీసిన నమూనా మీదనే ఒప్పుకోండి. మూడు పొట్లాల్లో ఒకటి మీ దగ్గర, ఒకటి కొనేవాడి దగ్గర, ఒకటి ఇద్దరి సంతకాలతో మూసి కమిటీ దగ్గర ఉండాలె. పేచీ వస్తే ఆ మూడో పొట్లం విప్పుదాం.