డిక్కీలో స్టెప్నీ ఉంటే సరిపోదు
మూడు నెలలకోసారి డిక్కీ తెరిచి సామాన్లన్నీ ఉన్నాయని చూసి మూసేయడం తనిఖీ కాదు, వాటితో పని చేయించి చూడాలి. అర్ధరాత్రి సూర్యాపేట దాటాక టైరు పంక్చరైందనుకోండి. జాకీ, పానా, స్టెప్నీ మూడూ ఉన్నాయి. కానీ షాపులో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు కారుతో వచ్చిన పొట్టి పానాకు ఒక్కోసారి కదలనే కదలవు. అందుకే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో ఒక ఆదివారం, చక్రాలు నేల మీద ఉండగానే, చక్రానికి ఒక నట్టు చొప్పున కాస్త వదులు చేసి మళ్లీ గట్టిగా బిగించండి. కదలకపోతే పొడవు పిడి ఉన్న పానా కొనాల్సిందే. ఇక స్టెప్నీ. వాడకపోయినా దానిలో గాలి మెల్లగా తగ్గుతుంది కాబట్టి, కంపెనీ స్టిక్కర్ మీద దానికి రాసిన పీఎస్ఐకి నింపించాలి. టైరు పక్కభాగంలో చిన్న గడిలో ఉండే నాలుగంకెలూ చదవండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు కొత్తగానే ఉన్నా రబ్బరు పాతబడుతుంది, పగుళ్లు కనిపిస్తే మార్చేయాలి. టార్చిలోనే వదిలేసిన బ్యాటరీలు కారి స్ప్రింగులను తినేస్తాయి. వాటిని విడిగా ఉంచి, తనిఖీ రోజున వేసి పది నిమిషాలు వెలిగించండి. ప్రథమ చికిత్స పెట్టెను మాత్రం సీటు కింద పెట్టమంటాను, ఎందుకంటే వెనక నుంచి బండి గుద్దితే డిక్కీ తెరుచుకోకపోవచ్చు. మన ఎండలకు ప్లాస్టర్ల జిగురు గడువు తేదీకి ముందే పోతుంది, ఒకటి చర్మానికి అంటించి చూస్తే తెలిసిపోతుంది.