ప్రకటనకు అంత గొంతెందుకు?

ఉచితంగా పాటలు వింటుంటే మధ్యలో ప్రకటన మీద పడి అరిచినట్టుంటుందని మా నార్కట్‌పల్లి ఆడవాళ్లు నాతో అంటుంటారు. నిజానికి పాటలోని అతి పెద్ద శబ్దాన్ని ప్రకటన దాటకపోవచ్చు. పాటలో ఎత్తుపల్లాలుంటాయి. ప్రకటనలో మాత్రం మెల్లని మాటను కూడా పైకెత్తి, మొదటినుంచి చివరిదాకా ఒకే జోరులో ఉంచుతారు. అందుకే చెవికి హోరు.

పాట దాటెయ్యడానికీ లెక్కే. స్పాటిఫై చాలా ఏళ్లు ఫోన్లో ఉచితంగా వినేవాళ్లను గంటకు 6 సార్లే దాటనిచ్చింది. కోరిన పాట కోరినప్పుడు వినే సుఖాన్ని డబ్బు కట్టేవాళ్లకు అట్టేపెట్టడమే అందులో కిటుకు.

విసిగిపోయి, ప్రకటనలు రావంటూ ఎవరో పంపిన మార్పుచేసిన యాప్ ఎక్కించుకోకండి. ప్రకటనల్ని అడ్డుకుంటే ఖాతా మూసేస్తామని స్పాటిఫై 2019లోనే నిబంధన పెట్టింది. అంతకంటే పెద్ద ముప్పు ఇంకోటుంది. పాటల యాప్‌కు మన ఎస్సెమ్మెస్‌లతో పనేంటి? ఆ అనుమతి అడిగిందంటే బ్యాంకు ఓటీపీ మీద కన్నేసిందేమోనని అనుమానించి, వెంటనే తీసెయ్యండి.