రక్తంలో పావు వంతు ఉంటేనే గిరిజనుడా? అమెరికా లెక్క నల్లమల గూడేనికి వస్తే ఏం జరుగుతుంది?

త్రిపురాంతకం: శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పుకునే త్రిపురాంతకం దాటి ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు వెళ్తే నల్లమల మొదలవుతుంది. దారి పొడవునా చెంచు గూడేలు, మధ్యమధ్యలో లంబాడీ తండాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద చెంచులు సుమారు 64 వేల మంది. ఈ గూడేల్లో పుట్టిన పిల్లాడు చెంచువాడా కాదా అని అడిగితే, తల్లిదండ్రులెవరు, ఇంటిపేరేంటి, ఏ గూడెంలో పెరిగాడు అని పెద్దలు చెబుతారు. రక్తంలో ఎన్నో వంతు చెంచు అని ఇక్కడ ఎవరూ అడగరు.

అమెరికాలో మాత్రం అడుగుతారు. దానికి భిన్నం వేసి, కాగితం కూడా ఇస్తారు.

అసలేంటీ బ్లడ్ క్వాంటమ్?

అమెరికాలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆదివాసీ తెగలు 570కి పైగా ఉన్నాయి. ఎవరిని సభ్యులుగా తీసుకోవాలో ఏ తెగకు ఆ తెగే నిర్ణయించుకోవచ్చు. 1978లో సాంటా క్లారా ప్యూబ్లో కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చాలా తెగలు పెట్టుకున్న షరతు బ్లడ్ క్వాంటమ్. అంటే పూర్వీకుల్లో ఎంత వంతు ఆ తెగవాళ్లు అన్న లెక్క. నవాజో తెగలో సభ్యత్వానికి కనీసం పావు వంతు ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఇండియన్ వ్యవహారాల బ్యూరో ఈ వంతును సర్టిఫికెట్ మీద రాసి ఇస్తుంది.

పేరులో బ్లడ్ ఉంది కానీ, ఇందులో రక్త పరీక్ష ఏమీ లేదు. వందేళ్ల కిందటి రిజిస్టర్‌లో తాత పేరు పక్కన ఒక గుమాస్తా ఏ భిన్నం రాశాడో అదే ఆధారం. తల్లి భిన్నం, తండ్రి భిన్నం కూడి సగం చేస్తే బిడ్డ భిన్నం వస్తుంది. ఆ గుమాస్తా మనిషి వాలకం చూసి అంచనాగా రాసినా సరే, ఆ అంచనాయే తరతరాలకూ లెక్కగా నిలిచిపోతుంది.

ఇదే లెక్కను ఒక గూడెంలో వేసి చూద్దాం. రూలు పావు వంతు అనుకోండి. తాత పూర్తి చెంచు. ఆయన లంబాడీ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కొడుకు సగం చెంచు. ఆ కొడుకు యానాది అమ్మాయిని చేసుకుంటే మనవడు పావు వంతు, ఇంకా లోపలే ఉన్నాడు. మనవడు ఎరుకల అమ్మాయిని చేసుకున్నాడు. మునిమనవడికి వచ్చేది ఎనిమిదో వంతు. అంతే, చెంచు జాబితాలోంచి పేరు పోయింది.

ఇక్కడో విచిత్రం గమనించాలి. లంబాడీ, యానాది, ఎరుకల అందరూ ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలే. అంటే ఆ కుటుంబంలోకి గిరిజనేతరులు ఒక్కరూ రాలేదు. అయినా మునిమనవడు చెంచు కాకుండా పోయాడు. మిగతా తెగలూ ఇలాగే తమ తెగ వాటాను మాత్రమే లెక్కిస్తే, యానాదుల లెక్కలో అతనిది పావు, లంబాడీల లెక్కలో ఎనిమిదో వంతు, ఎరుకల లెక్కలో సగం. పిల్లాడు గూడెం వదిలి ఎక్కడికీ వెళ్లలేదు, తేనె తీయడం కూడా తాత దగ్గరే నేర్చుకున్నాడనుకుందాం. లెక్కలో వీటికి మార్కులు లేవు. అమెరికాలో నిజంగానే ఇలాంటి వాళ్లున్నారు. నాలుగు తెగల రక్తం ఉండి, ఏ ఒక్క తెగలోనూ సరిపడా వంతు లేక బయట నిలబడ్డవాళ్లు.

బయటి పెళ్లి జరిగిన ప్రతిసారీ భిన్నం సగమవుతుంది. ఒకసారి తగ్గిన వంతు మళ్లీ పెరగాలంటే సొంత తెగలో పెళ్లి ఒక్కటే దారి. చిన్న తెగల్లో అది అన్నిసార్లూ కుదరదు. చెంచుల్లోనే చూడండి. ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకోకూడదు, వేరే ఇంటిపేరు వాళ్లనే వెతకాలి. మనుషులు బతికే ఉన్నా జాబితా మాత్రం తరానికి తరం చిక్కిపోతుందని విమర్శకులు అనేది ఇందుకే.

చెట్లు కొట్టడానికి పుట్టిన లెక్క

దీన్ని వలస పాలకుల కొలత అని ఎందుకంటున్నారు? జవాబు మిన్నెసోటా రాష్ట్రంలోని వైట్ ఎర్త్ రిజర్వేషన్‌లో దొరుకుతుంది. అనిషినాబే ప్రజల కోసం 1867లో ఏర్పడిన ప్రాంతమిది. నిండా పైన్ చెట్లు. తర్వాతి దశాబ్దాల్లో ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచారు. అయితే ఆ భూములు ప్రభుత్వ ట్రస్టు కింద ఉండేవి, అమ్మడానికి వీల్లేదు. కలప కంపెనీలకు ఇదే అడ్డు.

1906లో అమెరికా కాంగ్రెస్ ఒక బిల్లుకు చిన్న నిబంధన తగిలించింది. సెనేటర్ క్లాప్ పేరుతో పిలిచే ఈ నిబంధన ప్రకారం వైట్ ఎర్త్‌లోని మిశ్రమ రక్తం పెద్దలు తమ భూమి అమ్ముకోవచ్చు. పూర్తి రక్తం వాళ్లకు మాత్రం ట్రస్టు రక్షణ కొనసాగుతుంది. ఇంకేముంది, ఎవరు మిశ్రమ రక్తం అన్నదే కోట్ల రూపాయల విలువ చేసే ప్రశ్న అయిపోయింది. భూములు వేగంగా చేతులు మారాయి, మోసాలపై కేసులు కోర్టులకు చేరాయి. 1914లో సుప్రీంకోర్టు తేల్చిన అర్థం ఇంకా గట్టిది. వేరే రక్తం ఏ కొంచెం ఉన్నా మిశ్రమ రక్తమే, అమ్మకం చెల్లుతుంది.

మరి ఆ కొంచెం ఉందో లేదో తేల్చేదెలా? అలెష్ హర్డ్‌లిచ్కా, ఆల్బర్ట్ జెంక్స్ అనే ఇద్దరు ఆంత్రోపాలజిస్టులు వచ్చారు. జుట్టు, చర్మం పరిశీలించారు. ఛాతీ మీద గీరి, చర్మం ఎంత ఎర్రబడుతుందో చూశారు. బాగా ఎర్రబడితే మిశ్రమ రక్తమని వాళ్ల సిద్ధాంతం. ఈ పద్ధతికి నేటి శాస్త్రంలో ఎలాంటి విలువా లేదు. కానీ అప్పట్లో దాన్ని బట్టే జాబితాలు తయారయ్యాయి. వేలమంది హక్కుదారుల్లో పూర్తి రక్తంగా మిగిలింది చాలా కొద్దిమంది. భూమిలో అత్యధిక భాగం తెగ చేయి దాటిపోయింది.

గమనించాల్సిన విషయం ఒకటుంది. అదే దేశంలో, అదే రోజుల్లో, నల్లజాతివారి విషయంలో లెక్క తిరగబడింది. ఒక్క చుక్క ఆఫ్రికన్ రక్తం ఉన్నా నల్లవాడే అన్నారు. ఆదివాసీల దగ్గరికొచ్చేసరికి ఒక్క చుక్క తెల్ల రక్తం ఉన్నా ఆదివాసీ హక్కు పోయిందన్నారు. రెండుచోట్లా లాభం ఎటు పోయిందో చూస్తే లెక్క ఎవరు వేశారో అర్థమవుతుంది.

మనకూ కొలతలు తెలుసు

ఆ రోజుల్లో మన దగ్గరా బ్రిటిష్ అధికారులు మనుషుల్ని కొలిచారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాదిలో కులాలవారీగా తలలు, ముక్కులు కొలిచి లెక్కలు రాశాడు. 1901 జనాభా లెక్కలు నడిపిన హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పుకీ కులం హోదాకీ సంబంధం ఉందని వాదించాడు. మార్కాపురం, గిద్దలూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేవి. అయితే ఆ కొలతలు ఇక్కడ ఎస్టీ హోదాకు షరతుగా మారలేదు. రాజ్యాంగం 342 అధికరణ కింద రాష్ట్రపతి జాబితాలో తెగ పేరు ఉండాలి, మనిషి ఆ తెగవాడై ఉండాలి. అంతే, భిన్నం లేదు.

భిన్నం లేదంటే చిక్కు లేదని కాదు. 1965లో లోకూర్ కమిటీ తెగల గుర్తింపుకు ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళిక ఏకాంతం, బయటివారితో కలవడానికి బెరుకు, వెనుకబాటు అని ఐదు గుర్తులు చెప్పింది. బెరుకును కొలవడం ముక్కును కొలవడం కన్నా మెరుగైన పనేమీ కాదు. ఇక వ్యక్తుల విషయానికొస్తే దేవుళ్లు, పెళ్లి తంతు, చావు ఆచారాల గురించి అడిగి సరిపోల్చే పద్ధతి ఉంది. ఊళ్లో చదువుకుని పట్నం చేరిన పిల్లలు ఇక్కడ ఇబ్బంది పడతారు. ఈ పరీక్షే అన్నిటికీ గీటురాయి కాదని సుప్రీంకోర్టు 2023 మార్చిలో స్పష్టం చేసింది.

తల్లి గిరిజనురాలు, తండ్రి గిరిజనేతరుడు అయితే? దీనికి 2012లో గుజరాత్ నుంచి వచ్చిన కేసు దారి చూపింది. ఎస్టీ తల్లికీ క్షత్రియ తండ్రికీ పుట్టిన వ్యక్తి ఎస్టీ సర్టిఫికెట్‌ను అధికారులు రద్దు చేశారు, హైకోర్టూ సమర్థించింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. బిడ్డది తండ్రి కులమే అన్న ఊహ ఉంటుంది, కానీ అది తిరుగులేనిది కాదు. తల్లి తెగలో పెరిగాడా, ఆ తెగవాళ్లలాగే అవమానాలు, లేమి అనుభవించాడా, తెగ తనవాడిగా ఒప్పుకుందా అన్నది సాక్ష్యంతో చూపొచ్చు. రక్తం సగమే అన్న మాట ఈ లెక్కలో లేదు. పెంపకం ఎక్కడ అన్నదే ప్రశ్న. చూపించే భారం మాత్రం బిడ్డ మీదే.

దోర్నాల, ఎర్రగొండపాలెం గూడేలకు ఇది కాగితం మీది చర్చ కాదు. పశ్చిమ ప్రకాశం ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేదు కాబట్టి గిరిజన భూమి బదలాయింపును ఆపే 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. చెంచులకు అడవి భూమిపై ప్రధాన ఆసరా 2006 అటవీ హక్కుల చట్టం. అందులో ఎస్టీ అయితే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపితే చాలు. ఎస్టీ కాకపోతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలోనే బతికినట్టు నిరూపించాలి. ఒకే చేను, ఒకే కుటుంబం. ఎస్టీ సర్టిఫికెట్ రాకపోతే 75 ఏళ్ల సాక్ష్యం ఎక్కడి నుంచి తేవాలి? వైట్ ఎర్త్‌లో గీరిన ఛాతీకి, ఇక్కడి సర్టిఫికెట్‌కు పోలిక ఉందంటే అది ఈ ఒక్క చోటే. ఎవరు గిరిజనుడన్న ప్రశ్న చివరికి భూమి దగ్గరికే వస్తుంది.

తెగలే ఎందుకు పట్టుకున్నాయి?

వలస పాలకుల లెక్క అని తెలిసీ తెగలు దీన్ని వదలకపోవడానికి కారణాలున్నాయి. భూమి, వైద్యం, స్కాలర్‌షిప్, కొన్నిచోట్ల కేసినో ఆదాయంలో వాటా సభ్యులకే వస్తాయి. ముత్తాత ఎవరో ఆదివాసీ అట అంటూ వచ్చేవాళ్లందరికీ తలుపు తీస్తే అసలు వాళ్లకు మిగిలేదేంటన్నది వాళ్ల భయం. దొంగ ఎస్టీ సర్టిఫికెట్ల గొడవ తెలిసిన మన గూడేలకు ఈ భయం కొత్త కాదు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ దొంగను ఆపే తాళంతో ఇంటి మనవణ్ని కూడా బయట పెట్టడం ఎంతవరకు న్యాయమన్నది వేరే ప్రశ్న.

వేరే దారి పట్టిన తెగలూ ఉన్నాయి. చెరోకీ నేషన్‌లో కనీస వంతు లేదు, పాత డాస్ జాబితాలో పూర్వీకుల పేరుంటే చాలు. అయితే ఆ జాబితా కూడా ప్రభుత్వం రాసిందే. చెరోకీల దగ్గర బానిసలుగా ఉన్న నల్లజాతివారిని అందులో విడిగా రాశారు. వాళ్ల వారసుల సభ్యత్వం కోసం ఏళ్ల తరబడి పోరాటం నడిచింది. 2021లో చెరోకీ సుప్రీంకోర్టు తమ రాజ్యాంగంలోంచి రక్తరీత్యా అన్న మాటనే తీసేయించింది. వైట్ ఎర్త్ సభ్యంగా ఉన్న మిన్నెసోటా చిప్పెవా తెగ 1960ల తొలినాళ్లలో పావు వంతు నిబంధన పెట్టుకుంది. దాన్ని తీసేయాలని 2022లో జరిగిన సలహా ఓటింగ్‌లో ఎక్కువమంది సభ్యులు కోరారు.

ఇక్కడ నల్లమలలో అటవీ హక్కుల దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభ దగ్గరే. సాగు ఎప్పటినుంచో చూపడానికి గూడెం పెద్దల మాటను రాతపూర్వకంగా నమోదు చేస్తే, నిబంధనల ప్రకారం అది కూడా సాక్ష్యమే. గ్రామసభ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లోగా సబ్ డివిజన్ స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. ఎస్టీ అని చూపే సర్టిఫికెట్ కోసం మాత్రం రెవెన్యూ ఆఫీసుకే వెళ్లాలి.