‘మా ఇంట్లో ఇబ్బంది’ అని రాయకండి

పెళ్లి సంబంధం వద్దనుకుంటే జాతకాలు కుదరలేదంటాం. చిట్టీలో నుంచి తప్పుకోవాలంటే పిల్లల ఫీజులున్నాయంటాం. ఎదుటివాళ్ల తప్పు ఎంత కనిపిస్తున్నా ముఖం మీద చెప్పకుండా, నెపం మన మీద వేసుకొని మెల్లగా బయటపడటం మనకు అలవాటు. దాన్నే మర్యాద అంటారు. చుట్టాల మధ్య ఈ మర్యాద చెల్లుతుంది. ఫ్లాట్ బుకింగ్ రద్దు చేసుకునేటప్పుడు మాత్రం ఇదే మర్యాదకు లక్షలు పోతాయి. బిల్డర్ మాట తప్పినప్పుడు కూడా ‘మా ఇంట్లో ఇబ్బంది వచ్చింది సార్, మా పైసలు మాకియ్యండి’ అని రాసే పద్ధతి మానుకోవాలని చెప్పడానికే ఈ వ్యాసం.

చాలా ఇళ్లలో ఆ వాక్యం రాయించేది పెద్దమనుషులే. ‘గొడవెందుకు, నెమ్మదిగా అడిగితే ఇస్తాడు’ అంటారు. నెమ్మదిగా అడగడానికి నేను అడ్డు చెప్పను. కాని నెమ్మదిగా మాట్లాడటం ఒకటి, అబద్ధపు కారణం రాసివ్వడం ఇంకొకటి. చట్టం ముందు అడిగే మొదటి ప్రశ్న ‘ఎవరి తప్పు వల్ల వెనక్కి తగ్గారు?’ అనేది. మన చేత్తో మనమే ‘మా తప్పు’ అని రాసిచ్చాక ఆ ప్రశ్నకు జవాబు మారడం కష్టం.

ఢిల్లీ పక్కనున్న గుర్గావ్‌లో నడిచిన రెండు కేసులు చూస్తే తేడా తెలుస్తుంది. రెండూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.

మొదటిది గోద్రెజ్ ప్రాజెక్ట్స్ కేసు. కొన్నవాళ్లు 2014లో ఫ్లాట్ బుక్ చేసి, మొత్తం 51 లక్షల చిల్లర కట్టారు. 2017 జూన్‌లో బిల్డర్ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకొని, వచ్చి తీసుకోండని కబురు పెట్టాడు. అప్పటికి ఫ్లాట్ల ధరలు పడిపోయాయి. ఆ కారణం చూపి వీళ్లు వద్దన్నారు, డబ్బు వాపసు అడిగారు. అగ్రిమెంటులో 20 శాతం కోత ఉంది. అది ఒక పక్షానికే అనుకూలమైన షరతని కోర్టు ఒప్పుకోలేదు. అయినా 10 శాతం, అంటే 17 లక్షలకు పైగా, కోత పెట్టనిచ్చింది. కమిషన్ ఇమ్మన్న వడ్డీని కూడా 2025 ఫిబ్రవరి తీర్పులో తీసేసింది. బిల్డర్ ఇల్లు సిద్ధం చేశాడు, వద్దన్నది కొన్నవాళ్లు. కాబట్టి ఆ తీర్పును నేను తప్పు పట్టను.

రెండోది పయనీర్ అర్బన్ కేసు. అక్కడ అగ్రిమెంటు 2012లో అయింది. చెప్పిన గడువు దాటి ఏళ్లు గడిచినా ఇల్లు చేతికి రాలేదు. కొన్నాయన కేసు వేశాక, అది నడుస్తుండగా బిల్డర్ సర్టిఫికెట్ తెచ్చి ‘ఇప్పుడు తీసుకో’ అన్నాడు. అంత ఆలస్యమయ్యాక తీసుకోవాల్సిన పని లేదని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కట్టిన మొత్తం 10.7 శాతం వడ్డీతో వెనక్కి ఇవ్వాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది. కొన్నవాళ్లు ఆలస్యం చేస్తే 18 శాతం, బిల్డర్ వాపసు ఇవ్వాల్సి వస్తే 9 శాతం అని రాసుకున్న ఆ అగ్రిమెంటు న్యాయం కాదని కూడా అంది.

ఊరు ఒకటే, ఇద్దరూ ఫ్లాట్ వద్దన్నవాళ్లే. ఒకరికి కోత పడింది, ఒకరికి వడ్డీ వచ్చింది. తేడా అంతా తప్పెవరిది అన్నదాంట్లోనే ఉంది. బిల్డర్ తప్పు చేసిన చోట మనం ‘మా ఇబ్బంది’ అని రాస్తే, రెండో వరసలో నిలబడాల్సినవాళ్లం మన కాళ్లతో మనమే మొదటి వరసలోకి నడిచి వెళ్లినట్టు.

ఇప్పుడు మన నస్పూర్ సంగతికి వద్దాం. సింగరేణిలో రిటైరైన ఒక ఇంటిని ఊహించుకోండి. పైసలు చేతికి రాగానే, పిల్లలుండే హైదరాబాద్ శివార్లలో 40 లక్షల ఫ్లాట్ అని ఏజెంటు బ్రోచర్ తెస్తాడు. 2 లక్షలు కట్టి బుక్ చేస్తారు. రెండు నెలల్లో ‘రేటు పెరగకముందే కట్టేయండి’ అని ఇంకో 6 లక్షలు తీసుకుంటారు. ఇంటామె గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన పైసలు కూడా అందులో ఉన్నాయనుకోండి. రెరా నంబరు అడిగితే ‘వస్తది’ అంటారు. అగ్రిమెంటు అడిగితే ‘వచ్చే నెల’ అంటారు. బ్రోచర్‌లో ఇల్లిస్తామన్న నెల దాటిపోతుంది, స్థలంలో పునాది గుంత తప్ప ఏమీ కనపడదు.

ఇందులో బిల్డర్ తప్పులు మూడున్నాయి. 2016 రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం, రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ కాకముందు ప్రచారం చేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ నిబంధన వర్తించదు కాబట్టి ముందు అది చూసుకోవాలి. సెక్షన్ 13 ప్రకారం అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇక్కడ 4 లక్షల దగ్గర ఆగాల్సింది 8 లక్షలు తీసుకున్నారు. మూడోది, ఇస్తామన్న తేదీ దాటింది.

వాపసు హక్కు గట్టిగా నిలబడేది ఈ మూడో తప్పు మీద. గడువుకు ఇల్లు ఇవ్వలేకపోతే, కొన్నవాళ్లు తప్పుకోవాలనుకుంటే కట్టినదంతా వడ్డీతో ఇవ్వాలని సెక్షన్ 18 చెబుతుంది. ఇది షరతులు లేని హక్కని 2021 నవంబరులో న్యూటెక్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బ్రోచర్‌లో చెప్పింది అబద్ధమైతే సెక్షన్ 12 కింద కూడా వాపసు అడగొచ్చు. సెక్షన్ 3, 13 ఉల్లంఘనలకు బిల్డర్ మీద జరిమానా ఉంటుంది. వాపసు అడిగేటప్పుడు అవి మన వాదనకు బలం. వడ్డీ రేటు స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కు 2 శాతం కలిపి లెక్కకడతారు. అది 10 శాతమే అనుకున్నా, 8 లక్షలకు ఏడాదికి 80 వేలు. మర్యాద కోసం వదులుకునేది ఇంత.

అందుకే ఉత్తరం ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీన ఫలానా ఫ్లాట్ బుక్ చేసి, రసీదుల ప్రకారం 8 లక్షలు కట్టాం. మీ బ్రోచర్‌లో ఫలానా నెలకు ఇల్లిస్తామన్నారు, ఇవ్వలేదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకున్నారు. ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ లేదు. మీరు మాట తప్పినందువల్ల బుకింగ్ నుంచి తప్పుకుంటున్నాం. కట్టిన మొత్తం వడ్డీతో ఇన్ని రోజుల్లో ఇవ్వండి.’ ఇంతే. ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు. అమ్మాయి పెళ్లి, అబ్బాయి చదువు, ఆయన బీపీ, ఏదీ ఇందులోకి రాకూడదు. పోస్టులో, అందినట్టు సంతకం తిరిగి వచ్చేలా పంపి, నకలు దాచుకోవాలి. ఎవరి పేరున బుక్ చేశారో వాళ్లే సంతకం పెట్టాలి. ఇద్దరి పేరుంటే ఇద్దరూ పెట్టాలి.

ఉత్తరం బాగా రాసి, వాట్సాప్‌లో పాడుచేసుకోవద్దు. ‘మాకిప్పుడు కుదరట్లేదు బ్రదర్’ అని ఏజెంటుకు పంపిన ఒక్క మెసేజ్‌ను రేపు బిల్డర్ లాయరు ముందు పెడతాడు. ఆఫీసుకు వెళితే రద్దు ఫారం ఇస్తారు. అందులో ‘స్వంత కారణాల వల్ల’ అని ముందే అచ్చయి ఉంటే, దాని కింద సంతకం పెట్టకండి. ‘ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు’ అనే వాక్యం ఉంటే, డబ్బు ఖాతాలో పడ్డాకే మాట్లాడండి. ఒరిజినల్ రసీదులు చేతికివ్వకండి, జిరాక్సులు చాలు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏమీ చెప్పకుండా ఊరుకోవడం. కోపమొచ్చి వాయిదాలు కట్టడం ఆపేస్తాం, ఫోన్లు ఎత్తం. అప్పుడు బిల్డర్ మనల్నే బాకీదారుగా చూపి, బుకింగ్ తానే రద్దు చేసి కోత వేస్తాడు. ముందు ఉత్తరం వెళ్లాలి, తర్వాతే వాయిదా ఆగాలి.

‘కాగితంలో తేదీ రాయలేదు కదా, ఇంకా ఆగండి’ అంటారు కొందరు. తేదీ లేనంత మాత్రాన ఏళ్లకేళ్లు ఆగనక్కర్లేదు. ఫార్చూన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో 2018లో సుప్రీంకోర్టు అలాంటి సందర్భంలో మూడేళ్లు సమంజసమైన గడువు అంది.

‘ఏజెంటు మన మేనమామ కొడుకే, వాడి ముఖం చూడాలి కదా’ అన్న మాట కూడా వస్తుంది. ఆ ఉత్తరం మేనమామ కొడుక్కి కాదు, కంపెనీకి. అతనికి చాయ్ పోసి, చుట్టరికం ఎక్కడిదక్కడే ఉంచండి. కమీషన్ తీసుకునేటప్పుడు అడ్డం రాని చుట్టరికం, మన పైసలు అడిగేటప్పుడు ఎందుకు అడ్డం రావాలి?

ఒకమాట ఖరాఖండిగా చెప్పాలి. బిల్డర్ తప్పేమీ లేకుండా మనకే మనసు మారితే, లేని తప్పు అంటగట్టకండి. నిలబడదు. అప్పుడు కోతను ఒప్పుకొని, ఎంత తగ్గించుకోగలమో మాట్లాడుకోవడమే దారి. అబద్ధం ఎటువైపు రాసినా అబద్ధమే. నేను అడిగేది జరిగింది జరిగినట్టు రాయమని.

ఉత్తరానికి జవాబు రాకపోతే సెక్షన్ 31 కింద తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో నస్పూర్ నుంచే వేయొచ్చు. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. తప్పు జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. రెరా ఆదేశం వచ్చిన మర్నాడే డబ్బు ఖాతాలో పడుతుందని అనుకోకండి. బిల్డర్ ఇవ్వకపోతే భూమిశిస్తు బకాయిలా వసూలు చేయాలి, దానికి సమయం పడుతుంది. కంపెనీ దగ్గర ఏమీ మిగలకపోతే ఆదేశం చేతిలో ఉన్నా లాభం తక్కువ. అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ ప్రీ-లాంచ్ పేరిట డబ్బు కట్టించుకుందన్న కేసులో 2022 డిసెంబరులో కంపెనీ ఎండీని అరెస్టు చేశారు. కట్టినవాళ్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. అందుకే ‘గొడవెందుకు’ అని ఏడాది ఆగడం మర్యాద కాదు, నష్టం.

ఇంట్లో బీరువా తీసి బుకింగ్ కాగితాలు ఒకసారి బయట పెట్టండి. రసీదులు, బ్రోచర్, రెరా నంబరు, ఇస్తామన్న తేదీ. ఈ నాలుగింటిలో ఏది లేదో చూస్తే, ఉత్తరంలో ఏం రాయాలో అదే చెబుతుంది.