ఆప్షన్లలో ఉన్నంత మాత్రాన సరైన జవాబు కాదు

తెలుగు టీచరుకు లెక్కలతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. అరేంజ్‌మెంట్ పీరియడ్‌కు వెళ్లినప్పుడు పెద్ద తరగతుల పిల్లలు ఎక్కువగా తెరిచేది ఆప్టిట్యూడ్ పుస్తకమే. అందులో కాలం, వేగం, దూరం లెక్కల దగ్గర వాళ్లు చేసే పొరపాట్లను గమనిస్తే, చాలావరకు అవి గుణకార భాగహారాలవి కావు, చదవడంలోవి. ‘సరాసరి’ అన్న మాట దగ్గర, ‘సగం’ అన్న మాట దగ్గర, ‘గంటా ఇరవై నిమిషాలు’ అన్న మాట దగ్గర అర్థం కాస్త పక్కకు జరుగుతుంది. ఆ తరువాత లెక్క ఎంత శుభ్రంగా చేసినా జవాబు తప్పే వస్తుంది.

“సరిచూసుకున్నావా?” అని అడిగితే, “చూసుకున్నాను మేడమ్, ఆప్షన్లలో ఉంది” అంటారు. అది సరిచూసుకోవడం కాదని నా అభిప్రాయం. ఈ రకం ప్రశ్నల్లో తప్పు ఆప్షన్లు ఊరికే పడిన అంకెలు కావు. పిల్లలు ఎక్కడెక్కడ దారి తప్పుతారో తెలిసినవాళ్లు ఆ ప్రతి దారి చివరా ఒక అంకెను పెట్టి ఉంచుతారు. కాబట్టి తప్పు చేసిన విద్యార్థికి కూడా తన జవాబు అక్కడ కనబడుతుంది, ధైర్యంగా గుర్తు పెట్టేస్తాడు. తప్పు జవాబుకు మార్కులు కోసే పరీక్షల్లో ఆ ధైర్యం ఖరీదైనది.

ఒక ప్రశ్న తీసుకుందాం. ఒక బస్సు మొదటి 60 కిలోమీటర్లను 1 గంట 20 నిమిషాల్లో వెళ్లింది. అక్కడ 10 నిమిషాలు ఆగింది. తరువాతి 60 కిలోమీటర్లను గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. మొత్తం ప్రయాణంలో బస్సు సరాసరి వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు? ఆప్షన్లు: 48, 51.4, 52.5, 54.5.

ఈ నాలుగూ ఎలా పుట్టాయో చూడండి. మొదటి భాగంలో వేగం గంటకు 45. రెండో భాగంలో 60. ఈ రెండింటినీ కూడి రెండుతో భాగిస్తే 52.5 వస్తుంది. సమాన దూరాలు కదా అని బోర్డు మీద నేర్చుకున్న 2xy/(x+y) సూత్రంలో 45, 60 వేస్తే 51.4 వస్తుంది. 1 గంట 20 నిమిషాలను 1.20 గంటలుగా రాసి, దానికి రెండో భాగపు ఒక గంట కలిపి, 120ని 2.2తో భాగిస్తే 54.5 వస్తుంది. మూడు దారులూ చూడటానికి పద్ధతిగానే ఉన్నాయి, మూడింటి చివరా ఒక ఆప్షన్ ఎదురుచూస్తోంది.

సరాసరి వేగం అంటే వేగాల సరాసరి కాదు. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే వచ్చేది. మాట ఒకేలా వినబడటం వల్లే చిక్కంతా. పరీక్ష మార్కుల సరాసరి తీసినట్టు వేగాలను కూడి భాగించాలని పిల్లలకు తోస్తుంది. ఇక్కడ మొత్తం దూరం 120 కిలోమీటర్లు. మొత్తం కాలం నిమిషాల్లో 80, 10, 60 కలిపి 150. అంటే రెండున్నర గంటలు. 120ని 2.5తో భాగిస్తే 48. బస్సు ఆగిన పది నిమిషాలు కూడా ప్రయాణంలోవే. రైల్వేవాళ్లు బ్రాడ్‌గేజ్ మీద ఒక రైలును సూపర్‌ఫాస్ట్ అనడానికి సరాసరి వేగం గంటకు కనీసం 55 కిలోమీటర్లు ఉండాలని పెట్టుకున్నప్పుడు, మధ్య స్టేషన్లలో ఆగే సమయాన్ని కూడా కలుపుకునే చూస్తారు. ప్రశ్నలో ‘ఆగిన సమయం వదిలేసి’ అని ఉంటే మాత్రం దాన్ని తీసేయాలి. ఉందో లేదో చూడటం చదువరి పని.

ఇప్పుడు సరిచూసుకోవడం. చేసిన లెక్కనే మళ్లీ చేస్తే, చేసిన తప్పే మళ్లీ చేస్తాం. అందుకని వచ్చిన జవాబును తీసుకుని వెనక్కి నడవాలి. బస్సు మొత్తం దారంతా ఆ ఒక్క వేగంతోనే వెళ్లిందనుకుని, ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టి, ప్రశ్నలోని కథతో పోల్చాలి. కథలో బస్సుకు పట్టింది 2 గంటల 30 నిమిషాలు. గంటకు 48 చొప్పున 120 కిలోమీటర్లకు సరిగ్గా 2 గంటల 30 నిమిషాలు పడుతుంది. కుదిరింది.

గంటకు 51.4 అయితే 2 గంటల 20 నిమిషాలు. పది నిమిషాలు తగ్గాయి, అంటే ఆగిన సమయాన్ని వదిలేశాం. గంటకు 54.5 అయితే 2 గంటల 12 నిమిషాలు. ఆగిన పది నిమిషాలు పోగా ఇంకో ఎనిమిది నిమిషాలు ఎక్కడో పోయాయి. ఎక్కడంటే, 1.20 గంటలంటే నిజానికి 1 గంట 12 నిమిషాలే. 20 నిమిషాలు గంటలో మూడో వంతు, ఐదో వంతు కాదు. గంటకు 52.5 అయితే సుమారు 2 గంటల 17 నిమిషాలు. ఈ అంకె కథలోని ఏ సమయాలను కలిపినా రాదు. అంటే కాలాన్ని పట్టించుకోకుండా వేగాలను కూడేశామన్నమాట. ఈ పద్ధతి జవాబు తప్పని చెప్పి ఊరుకోదు. తప్పు ఎక్కడ జరిగిందో కూడా చాలాసార్లు చూపిస్తుంది.

జవాబు రెండు వేగాల మధ్య ఉందో లేదో చూస్తే చాలదా అని కొందరు అడుగుతారు. అది మంచి అలవాటే, కానీ పైన ఉన్న నాలుగు ఆప్షన్లూ 45కూ 60కీ మధ్యే ఉన్నాయి. పైగా మధ్యలో ఆగడం ఉంటే ఆ నియమమే నిలవదు. ఇదే బస్సు పది నిమిషాలు కాక అరగంట ఆగి ఉంటే మొత్తం కాలం 170 నిమిషాలయ్యేది. సరాసరి వేగం గంటకు సుమారు 42.4కు, అంటే నెమ్మదిగా నడిచిన భాగపు వేగం కన్నా కిందికి దిగేది.

ఇక ‘సగం’ అన్న మాట. సగం దూరం గంటకు 40, మిగతా సగం దూరం గంటకు 60 అంటే జవాబు 48. సగం కాలం 40, మిగతా సగం కాలం 60 అంటే జవాబు 50. ప్రశ్నలో మారింది ఒక్క మాటే. కారణం కష్టమైనది కాదు. దూరాలు సమానమైతే నెమ్మదిగా వెళ్లిన భాగంలో ఎక్కువసేపు ఉంటాం, కాబట్టి జవాబు నెమ్మది వేగం వైపు జరుగుతుంది. రెండు వైపులా 120 కిలోమీటర్లు అనుకోండి. ఒకవైపు 3 గంటలు, మరోవైపు 2 గంటలు. 240ని 5తో భాగిస్తే 48. కాలాలు సమానమైతే ఏ వైపూ ఎక్కువసేపు ఉండం, అప్పుడు మామూలు సరాసరే సరిపోతుంది. ‘వెళ్లి తిరిగి వచ్చాడు’ అంటే సమాన దూరాలు. ‘మొదటి రెండు గంటలు, తరువాతి రెండు గంటలు’ అంటే సమాన కాలాలు. ఆ మాట కింద గీత గీయకుండా పెన్ను కదపకూడదని నేను పిల్లలకు చెబుతాను.

ప్రమాణాల పొరపాటుకూ ఇదే మందు. 180 మీటర్ల పొడవున్న రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఒక స్తంభాన్ని దాటడానికి ఎన్ని సెకన్లు? 180ని 72తో భాగిస్తే 2.5. ఆప్షన్లలో అది తప్పకుండా ఉంటుంది. కానీ మీటర్లను గంటకు కిలోమీటర్లతో భాగిస్తే వచ్చేది సెకన్లు కాదు. కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు కనుక 72ను 5/18తో గుణించాలి. సెకనుకు 20 మీటర్లు. 180 మీటర్లకు 9 సెకన్లు. సరిచూడాలంటే 2.5 సెకన్లలో రైలు ఎంత దూరం వెళ్తుందో అడగండి. 50 మీటర్లు. అప్పటికింకా 130 మీటర్ల రైలు స్తంభం అవతలే ఉంది.

5/18కి బదులు 18/5 వేసేవాళ్లూ ఉంటారు. అప్పుడు వేగం సెకనుకు 259.2 మీటర్లు అవుతుంది. రెప్పపాటులో పావు కిలోమీటరు దాటే రైలు మన పట్టాల మీద లేదు. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు అన్న ఒక్క జత గుర్తుంటే చాలు. 72 దానికి రెట్టింపు, 54 ఒకటిన్నర రెట్లు. సెకనుకు మీటర్లలో రాసిన అంకె, గంటకు కిలోమీటర్లలో రాసిన అంకె కన్నా ఎప్పుడూ చిన్నదే. పెద్దది వచ్చిందంటే భిన్నం తలకిందులైందన్నమాట.

పరీక్షలో ఇంత సమయం ఎక్కడిదంటారు. 48ని రెండున్నరతో గుణించడానికి పట్టే సమయం ఎంతో ఒకసారి గడియారం పెట్టి చూసుకోండి. చిత్తు లెక్కలో ‘మొత్తం కాలం’ అన్న ఒక్క వరుస ముందే రాసి ఉంటే సరిచూడటం ఇంకా సులువు, ఎందుకంటే పోల్చవలసిన అంకె అక్కడే ఉంటుంది. ఆ వరుస లేకుండా సూత్రంతో దూకినవాళ్లకే మళ్లీ మొదటి నుంచీ చదవవలసి వస్తుంది.

లెక్కల టీచర్లకు ఒక విన్నపం. 2xy/(x+y) సూత్రాన్ని బోర్డు మీద రాసినప్పుడు దాని పక్కనే ‘దూరాలు సమానమైతే, మధ్యలో ఆగకపోతే’ అని కూడా రాయండి. పిల్లలు సూత్రాన్ని ఎక్కించుకున్నంత గట్టిగా ఆ షరతునూ ఎక్కించుకోవాలి. 51.4 దగ్గర గుర్తు పెట్టిన విద్యార్థికి సూత్రం తెలుసు, లెక్క తెలుసు. పట్టించుకోకుండా దాటేసింది ‘అక్కడ 10 నిమిషాలు ఆగింది’ అన్న ఒక్క వాక్యాన్నే.