మూడు చుక్కల మర్యాద

మన పత్రికలకి ఒక మర్యాద ఉంది. నడివీధిలో ఒక మగవాడు ఒక స్త్రీని బూతులు తిడితే ఆ మాటని అచ్చు వెయ్యరు. మొదటి అక్షరం వేసి పక్కన మూడు చుక్కలో, నాలుగు నక్షత్రాలో పెడతారు. అది సభ్యత అని రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఎప్పుడో ఒప్పుకున్నారు. ఆ సభ్యత ఎవరి కోసమో మాత్రం ఎవరూ అడగలేదు.

తిట్టుని దాచే పద్ధతులన్నీ ఒకటి కావు. కార్టూన్లలో కోపంతో ఉన్న మనిషి నోటి నుంచి @#$%! లాంటి గుర్తుల గుంపు వెలువడుతుంది. అమెరికన్ కార్టూనిస్టు మార్ట్ వాకర్ 1964లో దీనికి ‘గ్రాలిక్స్’ అని పేరు పెట్టాడు గానీ ఆ అలవాటు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ ఉంది. అందులో ఏ మాటకీ ఆనవాలు ఉండదు. కోపం వచ్చిందని మాత్రమే తెలుస్తుంది, పాఠకులు నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. ఇంగ్లీషు పత్రికలు ఒక అక్షరానికి ఒక నక్షత్రం చొప్పున పెడితే లెక్క పెట్టుకుని మాట పోల్చుకోవచ్చు. మన లిపి సంగతి ఇంకా విచిత్రం. తెలుగులో ఒక్క అక్షరంలోనే హల్లూ అచ్చూ కలిసి ఉంటాయి, పక్కన సున్నా కూడా ఉంటే మాటలో సగం బయటపడ్డట్టే. ‘లం...’ అని వేస్తే తెలుగు తెలిసినవాళ్ళెవరూ తడుముకోరు. చుక్కలు దాచింది ఏమీ లేదు. ఆ మాట పలికే పనిని మాత్రం పత్రిక తన మీద నుంచి పాఠకురాలి మీదికి తోసేసింది. ఆమె తన మనసులో, తన గొంతుతో, ఇంకో ఆడదాన్ని ‘లంజ’ అనుకుని ముందుకు సాగుతుంది.

‘నీ అ...’ సంగతి చూడండి. ఇక్కడ ఖాళీలో అమ్మ పట్టవచ్చు, అక్క పట్టవచ్చు. పాఠకుడు ఏది పెట్టుకున్నా తేడా లేదు. గొడవ ఇద్దరు మగవాళ్ళ మధ్య, ఖాళీలో నిలబడేది మాత్రం అక్కడ లేని స్త్రీ. ‘ల... కొడకా’ అన్నా అంతే. మగవాణ్ణి అవమానించడానికి అతని తల్లి శీలం కావాలి. ఈ మాటలు కట్టిన తీరు మీద మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం కాబట్టి ఇక్కడ ఆపుతాను.

చుక్కలు పడని మాటల్ని కూడా చూడాలి. ‘వెధవ’ అన్న మాట ‘విధవ’ నుంచి వచ్చింది. ‘ముండ’ అంటే గొరిగించిన తల, భర్త పోయిన స్త్రీ తల. ఈ రెండింటినీ కథల్లో, సినిమాల్లో, హాస్యపు శీర్షికల్లో ఒక్క చుక్క లేకుండా వేస్తారు. భర్త చనిపోవడమే ఒక స్త్రీ నేరమన్న తిట్టు అచ్చులో నిరపాయం, కామానికి సంబంధించిన తిట్టు మాత్రం అపాయం. అంటే చుక్కలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఆ మాట ఎవరికి ఎంత గాయం చేస్తుందన్నది కాదు. చదివే మగవాడికి ఎక్కడ ఇబ్బందిగా ఉంటుందన్నదే కొలత. ఆడవాళ్ళు తమ శరీరం గురించి తామే రాసినప్పుడు ‘నీలి కవిత్వం’ అని గగ్గోలు పెట్టింది కూడా ఈ కొలత చేతబట్టుకున్నవాళ్ళే.

పత్రికల్ని అలా ఉంచి పోలీసు స్టేషనుకి వద్దాం. అక్కడ ఈ చుక్కలు ‘అసభ్య పదజాలంతో దూషించినాడు’ అన్న వాక్యంగా మారతాయి. ఒక శిక్షణా శిబిరంలో నేను కార్యకర్తల చేతికి ఇలాంటి ఫిర్యాదు వాక్యం ఒకటి ఇచ్చి, ఖాళీలో అసలు మాట ఏమై ఉంటుందో ఎవరికి వాళ్ళు రాయమన్నాను. ‘బోరింగు దగ్గర నలుగురి ముందూ నన్ను ... అని తిట్టినాడు’ అన్నదే ఆ వాక్యం. ఒకామె ‘ముండ’ అని రాసింది, ఒకామె ‘లంజ’ అని రాసింది, ఇంకొకామె కులం పేరు రాసింది. ముగ్గురూ తాము విన్నదే రాశారు.

ఇప్పుడు ఆ మూడు కాగితాలూ చట్టం ముందు పెడదాం. మాట ఏదో చెప్పకుండా బహిరంగ ప్రదేశంలో బూతులు అన్నాడని మాత్రమే రాస్తే, అది 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ వైపు జారుతుంది. దానికి గరిష్ఠ శిక్ష మూడు నెలలు. అది కూడా నిలబడడం కష్టం. పాత శిక్షాస్మృతి 294వ సెక్షన్ మీద 2022లో సుప్రీంకోర్టు మధనగోపాల్ కేసులో, ఒట్టి తిట్లు చాలవనీ, ఆ మాటల్లో కామోద్రేకం కలిగించే అంశం ఉండాలనీ చెప్పింది. మాటే రాయకపోతే ఆ అంశం ఉందని ఎలా చూపుతాం? ఆమెని ‘లంజ’ అన్నాడని రాస్తే, స్త్రీ గౌరవాన్ని అవమానించే ఉద్దేశంతో అన్న మాటకి 79వ సెక్షన్ ఉంది, మూడేళ్ళ దాకా శిక్ష. దళిత స్త్రీని దళితుడూ ఆదివాసీ కాని వ్యక్తి నలుగురి ముందూ కులం పేరుతో దూషిస్తే, 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. 2015 సవరణ తర్వాత అందులో కులం పేరుతో దూషించడానికి ప్రత్యేకమైన నిబంధనే ఉంది. ఆరు నెలలకి తగ్గకుండా ఐదేళ్ళ దాకా శిక్ష. మూడు నెలలకీ ఐదేళ్ళకీ మధ్య ఉన్నది ఆ ఖాళీలో పట్టే ఒక్క మాట. దాన్ని పాఠకులు నింపుకోగలరు. జడ్జి నింపుకోవడానికి వీల్లేదు.

కులం దగ్గర చుక్కలు ఇంకో అన్యాయం కూడా చేస్తాయి. ‘మా...’ అని వేసే పత్రికలు ఉన్నాయి. కులం పేరుతో దూషించాడని రాస్తే నాకు పేచీ లేదు, అది జరిగిన సంగతి. కానీ ఆ పేరుకే చుక్కలు పెడితే, ఆ పేరే ఒక బూతు అని పత్రిక తీర్పు చెప్పినట్టు. 1994లో దండోరా ఉద్యమం మొదలయ్యాక ఎందరో ‘మాదిగ’ అన్న పదాన్ని తమ పేరు చివర తలెత్తుకుని పెట్టుకున్నారు. ఆ మనుషుల పేరుని సంపాదకుడు చుక్కల కింద పూడ్చి అది సభ్యత అంటున్నాడు. బూతు ఉన్నది తిట్టినవాడి ఉద్దేశంలో.

ఇంట్లో పిల్లలు చదువుతారని అంటారు. ‘లం...’ చదివి అర్థం చేసుకోలేని పిల్లలకి పూర్తి మాట కూడా అర్థం కాదు. అంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. పడ్డ తిట్టుని మళ్ళీ అచ్చులో చూడడం ఆమెకి ఇష్టం లేకపోవచ్చు. దీన్ని నేను ఒప్పుకుంటాను. అయితే ఆమెనే అడగాలి. వద్దంటే, ‘ఆమె శీలాన్ని నిందించే మాట అన్నాడు’ అని మన మాటల్లో చెబుదాం. సరేనంటే ఉన్నదున్నట్టు వేద్దాం. మొదటి అక్షరం ఊరించి మిగతాది దాచడం ఈ రెంటిలో ఏదీ కాదు. విచిత్రమేమిటంటే తిట్టుకి చుక్కలు పెట్టిన అదే వార్తలో ఆమె ఊరూ, భర్త పేరూ, వీధీ పూర్తిగా ఉంటాయి. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు వెయ్యకూడదని చట్టం చెప్పింది ఆమె కోసం. తిట్టుని దాచమని ఏ స్త్రీ అడిగిందని?

ఫిర్యాదు రాయడానికి తోడు వెళ్ళే కార్యకర్తలకి ఒక మాట. ఆమె చెప్పిన తిట్టుని ఆమె యాసలోనే, కొటేషన్ గుర్తుల మధ్య రాయండి. కులం పేరు తిట్టులో ఏ చోట, ఎలా వచ్చిందో అలాగే ఉంచండి. ఎక్కడ నిలబడి అన్నాడు, ఎవరెవరు విన్నారు అన్నది వెంటనే రాయండి, ఎందుకంటే నలుగురి ఎదుట జరిగిందా లేదా అన్నదాని మీద చాలా కేసులు వీగిపోతున్నాయి. 79వ సెక్షన్ కింద స్త్రీ ఇచ్చే ఫిర్యాదుని మహిళా అధికారే నమోదు చెయ్యాలి. మగ రైటరు ముందు ఆ మాట నోటితో చెప్పలేక ‘అసభ్యంగా’ అని సరిపెట్టుకున్న స్త్రీలని నేను చూశాను, అందుకే ఇది పట్టుబట్టి అడగండి. రాసింది ఆమెకి చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ చదివి వినిపించే సమయంలోనే చెవి ఒగ్గి వినండి. ఆమె చెప్పిన మాట ఉండాల్సిన చోట ‘అసభ్య పదజాలం’ అని వినిపిస్తే, సంతకం పెట్టకముందే ఆపి ఆ మాట రాయించండి.